రద్దయిన టికెట్టు అసలు ఖర్చెంత? బిల్లు ఫొటోలో అంకెలను విడదీసే పద్ధతి

బెంగళూరు మారతహళ్లిలో ఉండే ఒక తెలుగు ఉద్యోగి ఆఫీసు పని మీద విజయవాడ వెళ్లాల్సి వచ్చి ఒక బుకింగ్ యాప్‌లో విమానం టికెట్టు తీసుకున్నారు. మీటింగు వాయిదా పడింది. ప్రయాణానికి రెండు రోజుల ముందు టికెట్టు రద్దు చేశారు. నెలాఖరున ఖర్చుల క్లెయిమ్‌తో పాటు అకౌంట్స్ విభాగానికి ఒక స్క్రీన్‌షాట్ పంపారు. అందులో బేస్ ఫేర్ 4,200 రూపాయలు, టాక్సులు-ఫీజులు 1,001, కన్వీనియన్స్ ఫీజు 413, కూపన్ తగ్గింపు 200, మొత్తం చెల్లించినది 5,414 అని ఉంది. రెండు వారాల తర్వాత బ్యాంకు ఖాతాలో 972 రూపాయలు తిరిగి పడ్డాయి. ఈ అంకెలు లెక్క విడమరచి చూపడానికి తీసుకున్నవే. కానీ ఇలాంటి బొమ్మలు ఏ ఊళ్లో ఏ అకౌంట్స్ డెస్కుకైనా నెలనెలా వస్తూనే ఉంటాయి.

5,414లో 972 తీసేసి 4,442 ఇచ్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. చేతికి ఇవ్వాల్సిన మొత్తం నిజంగానే అంతే. అయితే ఆ 972 సరైన రిఫండేనా, ఇంకా రావాల్సింది ఏమైనా మిగిలిందా, కంపెనీ తన లెక్కల్లో ఎంత జీఎస్టీ చూపుకోవచ్చు అన్న మూడు ప్రశ్నలకు ఈ తీసివేత జవాబు చెప్పదు. జవాబు దొరకాలంటే స్క్రీన్ మీద ఉన్న పేర్లను పక్కన పెట్టి, ఒక్కో రూపాయి చివరికి ఎవరి చేతికి చేరుతుందో చూడాలి. టికెట్టు డబ్బు నలుగురికి పోతుంది. విమాన సంస్థ, విమానాశ్రయం, ప్రభుత్వం, మధ్యలో బుక్ చేసిపెట్టిన యాప్. రద్దు చేసినప్పుడు ఈ నలుగురూ ఒకేలా ప్రవర్తించరు. అందుకే విడదీయాల్సి వస్తుంది.

ముందుగా తప్పుదారి పట్టించేది టాక్సులు-ఫీజులు అన్న వరుస. పేరు చూసి ఆ 1,001 రూపాయలను పన్ను పద్దులో రాసేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి అందులో ప్రభుత్వానికి పోయే పన్ను చిన్న భాగమే. ఆ వరుస మీద నొక్కితే లోపలి వివరం తెరుచుకుంటుంది. ఈ టికెట్టులో అక్కడ నాలుగు అంకెలు ఉన్నాయి. విమానాశ్రయం కోసం వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, అంటే యూడీఎఫ్, 450. ఏవియేషన్ సెక్యూరిటీ ఫీజు 236. విమాన సంస్థ సొంత చిల్లర ఛార్జీలు 100. జీఎస్టీ 215. యూడీఎఫ్ ఊరిని బట్టి మారుతుంది, బెంగళూరుకు ఒకటి, చెన్నైకి ఇంకొకటి. సెక్యూరిటీ ఫీజు మాత్రం దేశీయ ప్రయాణానికి ఎక్కడైనా ఒకటే. 200 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 236. దేశీయ టికెట్టు ఏది చూసినా ఈ 236 కనిపిస్తుంది కాబట్టి మసకగా ఉన్న ఫొటోలో మిగతా వరుసలను పోల్చుకోవడానికి అది గుర్తుగా పనికొస్తుంది.

ఉద్యోగి లోపలి వివరం తెరవకుండా పై స్క్రీన్ మాత్రమే ఫొటో తీసి పంపితే, విడదీయడానికి విమాన సంస్థ ఇచ్చే జీఎస్టీ ఇన్‌వాయిస్ కావాలి. పీఎన్‌ఆర్, ఈమెయిల్ ఇస్తే విమాన సంస్థ వెబ్‌సైట్‌లోనే అది దొరుకుతుంది. అందులో పన్ను వేసిన విలువ ఒక గడిలో, పన్ను వేయని విలువ మరో గడిలో విడిగా ఉంటాయి. విమానాశ్రయ ఛార్జీలు సాధారణంగా ఆ రెండో గడిలోకి వెళతాయి. విమాన సంస్థ వాటిని తన ఆదాయంగా తీసుకోదు, విమానాశ్రయం తరఫున వసూలు చేసి అప్పగిస్తుంది. 450, 236 కలిపి 686 అక్కడ ఉంటాయి. పన్ను వేసిన విలువ గడిలో 4,300 ఉంటుంది, పక్కన పన్ను 215.

ఇక్కడొక చిన్న తిరుగు లెక్క బాగా ఉపయోగపడుతుంది. ఎకానమీ తరగతికి జీఎస్టీ 5 శాతం. స్క్రీన్ మీద బేస్ ఫేర్ 4,200 కాబట్టి పన్ను 210 ఉండాలి. ఉన్నది 215. ఈ ఐదు రూపాయల తేడా తప్పు కాదు, లోపల ఏముందో చెప్పే ఆనవాలు. 215ను 5 శాతంతో వెనక్కి లెక్కిస్తే 4,300 వస్తుంది. అంటే బేస్ ఫేర్ అన్న పేరు కింద లేకపోయినా, ఇంకో వంద రూపాయలు విమాన సంస్థ తన సేవ కిందే వసూలు చేసి పన్ను కట్టింది. కొన్ని యాప్‌లు ఇంధన ఛార్జీని బేస్ ఫేర్‌లో కలిపి చూపుతాయి, కొన్ని టాక్సుల వరుసలోకి నెడతాయి. రెండో రకం యాప్‌లో ఈ తేడా ఐదు రూపాయలతో ఆగదు, పదుల్లోకి వెళ్లొచ్చు. అందుకే యాప్ రాసిన బేస్ ఫేర్‌ను నమ్మేకంటే జీఎస్టీ అంకె నుంచి వెనక్కి నడవడం మేలు. పన్ను అంకె మీద ప్రభుత్వానికి జవాబు చెప్పుకోవాలి, స్క్రీన్ మీద పేరుకు ఆ బాధ్యత లేదు.

బిజినెస్ తరగతి టికెట్టు అయితే భాగించే శాతం మారుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని తరగతులకు 18 శాతం, అంతకుముందు 12 శాతం. పాత తేదీ బిల్లు మీద 12 కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

మొత్తంలో మిగిలిన 413 పూర్తిగా వేరే జాతి. ఇది యాప్ చేసిన సేవకు యాప్ తీసుకున్న రుసుము, 350 మీద 18 శాతం జీఎస్టీ 63. విమాన సంస్థ ఇన్‌వాయిస్‌లో ఇది ఎక్కడా కనిపించదు. దానికి యాప్ తన పేరు మీద, తన జీఎస్టీ నంబరుతో వేరే ఇన్‌వాయిస్ ఇస్తుంది. విమాన సంస్థ బిల్లు 5,201, యాప్ బిల్లు 413, రెండూ కలిపితే 5,614. కానీ చెల్లించింది 5,414. ఆ 200 కూపన్ తగ్గింపు. యాప్ తన జేబులోంచి ఇచ్చిన తగ్గింపు కాబట్టి విమాన సంస్థ బిల్లులో అది దిగదు. రెండు బిల్లులూ జత చేసి 5,614 క్లెయిమ్ చేస్తే, ఒక్క కాగితంలో కూడా అబద్ధం లేకుండానే 200 ఎక్కువ అడిగినట్టవుతుంది. చాలాసార్లు ఇది మోసం కాదు, ఉద్యోగికి కూడా తెలియకుండా జరిగే పొరపాటు. బ్యాంకు ఖాతాలోంచి నిజంగా పోయిన అంకెను పక్కన పెట్టుకుంటే తప్ప బయటపడదు.

ఇక రద్దు సంగతి. విమాన సంస్థ రద్దు రుసుము 3,500 అనుకుందాం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఒకటి ఇక్కడ అక్కరకొస్తుంది. రద్దు రుసుము బేస్ ఫేర్, ఇంధన ఛార్జీ రెండూ కలిపిన దానికి మించకూడదు. ఈ టికెట్టులో ఇంధన ఛార్జీ బేస్ ఫేర్‌లోనే కలిసి ఉంది కాబట్టి హద్దు 4,200. తీసుకున్నది 3,500, హద్దులోనే ఉంది. రద్దు రుసుము కూడా సేవ కింద లెక్కే. ఆ రుసుముకు అసలు టికెట్టుకు వర్తించే రేటే వర్తిస్తుందని 2022 ఆగస్టు 3 నాటి జీఎస్టీ సర్క్యులర్ స్పష్టం చేసింది. 3,500 మీద 5 శాతం అంటే 175. కాబట్టి విమాన సంస్థ దగ్గర ఆగిపోయేది 3,675.

మిగిలింది తిరిగి రావాలి. 4,300లో 3,500 పోగా 800. కట్టిన జీఎస్టీ 215లో 175 పోగా 40. విమానాశ్రయ ఛార్జీలు 686 పూర్తిగా. అన్నీ కలిపి 1,526. ఖాతాలో పడిందేమో 972. మధ్యలో 554 ఎక్కడికి పోయింది?

అది యాప్ దగ్గర ఆగింది. రద్దు చేసిపెట్టినందుకు యాప్ 300 తీసుకుంది, దాని మీద జీఎస్టీ 54, మొత్తం 354. పైగా కూపన్ కింద ఇచ్చిన 200ను ప్రయాణం జరగలేదు కాబట్టి వెనక్కి తీసుకుంది. 354, 200 కలిపితే 554. ముందు తీసుకున్న కన్వీనియన్స్ ఫీజు 413 తిరిగి ఇవ్వలేదు, సాధారణంగా ఇవ్వరు కూడా. రిఫండ్ వివరాల స్క్రీన్‌లో ఈ కోతలు విడివిడిగా ఉంటాయి. కానీ క్లెయిమ్‌కు జత చేసే ఫొటోల్లో ఆ స్క్రీన్ దాదాపు ఎప్పుడూ ఉండదు, రిఫండ్ పూర్తయిందని చెప్పే పచ్చ టిక్కు ఉన్న ఫొటో మాత్రమే ఉంటుంది. అడిగి తెప్పించుకోవాల్సిన బొమ్మ అదే.

అన్నీ సరిగ్గా విడదీశామా లేదా అన్నది తేల్చే లెక్క ఒకటుంది. చేతి నుంచి పోయిన దానిలోంచి తిరిగి వచ్చింది తీసేస్తే వచ్చే అంకె, ఎవరెవరి దగ్గర ఎంత ఆగిందో కూడితే వచ్చే అంకె ఒకటే కావాలి.

```
5,414 − 972 = 4,442
3,675 + 413 + 354 = 4,442
```

రెండో వరుసలో కూపన్ 200 లేకపోవడం గమనించాలి. ఇచ్చి, మళ్లీ తీసుకున్నారు కాబట్టి అది తనంతట తానే రద్దయిపోయింది. కూపన్‌ను వెనక్కి తీసుకోని యాప్ అయితే రిఫండ్ 1,172 అయ్యేది, నికర ఖర్చు 4,242 అయ్యేది, అప్పుడు రెండో వరుసలో కూడా 200 తగ్గించాల్సి వచ్చేది. ఈ రెండు వరుసలు కలవకపోతే ఏదో ఒక ఫీజు ఫొటోలో కనబడలేదని అర్థం. ఎంత తేడా వచ్చిందో చూస్తే ఆ ఫీజు ఏదో తరచుగా తెలిసిపోతుంది. 118, 236, 354, 413 లాంటి తేడా అయితే అది గుండ్రటి అంకె మీద 18 శాతం వేసిన మొత్తం, అంటే ఏదో సేవా రుసుము. 5 శాతంతో సరిపోయే తేడా అయితే విమాన సంస్థ వైపు చూడాలి. 236 ఒక్కటే రెండు వైపులా అనుమానించదగ్గది, ఎందుకంటే సెక్యూరిటీ ఫీజు కూడా అంతే.

ఇప్పుడు 4,442ను పద్దుల్లోకి దించితే, విమాన సంస్థ రద్దు రుసుము 3,500, దాని జీఎస్టీ 175, యాప్ సేవలు 650, వాటి జీఎస్టీ 117. ప్రయాణమే జరగలేదు కాబట్టి ప్రయాణ ఛార్జీ అన్న పద్దు కింద ఒక్క రూపాయి కూడా లేదు. బుక్ చేసేటప్పుడు కంపెనీ జీఎస్టీ నంబరు ఇచ్చి ఉంటే ఆ 175, 117 ఇన్‌పుట్ క్రెడిట్‌కు, అంటే కంపెనీ తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి, పనికొస్తాయి. ఇక్కడ పెద్ద పొరపాటొకటి జరుగుతుంటుంది. మొదట ఇచ్చిన ఇన్‌వాయిస్‌లోని 215ను క్రెడిట్‌గా తీసేసుకుని, రద్దు తర్వాత ఆ బిల్లును తగ్గిస్తూ విమాన సంస్థ ఇచ్చిన క్రెడిట్ నోటును పట్టించుకోకపోవడం. ఉద్యోగి పంపే ఫొటోల్లో ఇన్‌వాయిస్ ఉంటుంది, క్రెడిట్ నోటు ఉండదు. ఆ నోటు సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. అమ్మినవాళ్లు దాఖలు చేసిన బిల్లులను కంపెనీకి చూపే జీఎస్టీ పోర్టల్‌లోని 2బీ నివేదికలో మాత్రం రెండూ పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. రద్దయిన టికెట్టు లెక్క ముగించేముందు అక్కడ ఒకసారి చూడటం తప్పనిసరి.

బుకింగులో కంపెనీ నంబరు ఇవ్వకపోతే ఈ జీఎస్టీ అంతా కంపెనీకి ఖర్చే. ఉద్యోగి పేరు మీద వచ్చిన బిల్లుకు కంపెనీ క్రెడిట్ తీసుకోలేదు. అయినా ఉద్యోగికి ఇవ్వాల్సిన 4,442 మారదు. క్రెడిట్ రాలేదన్న కారణంతో ఆయన రీయింబర్స్‌మెంట్‌లో కోత పెట్టాలంటే కంపెనీ ప్రయాణ విధానంలో ఆ మాట ముందే రాసి ఉండాలి.

రానుపోను టికెట్లలో ఇంకో సందేహం వస్తుంటుంది. కర్ణాటక నంబరు ఉన్న కంపెనీకి బెంగళూరు నుంచి బయలుదేరే టికెట్టు మీద సాధారణంగా సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 అని రెండు ముక్కలుగా ఉంటుంది. గన్నవరం నుంచి తిరుగు టికెట్టు మీద ఐజీఎస్టీ 5 అని ఒకటే ఉంటుంది. విమాన సంస్థ ఆంధ్రప్రదేశ్‌లోని తన రిజిస్ట్రేషన్ నుంచి కర్ణాటక కంపెనీకి బిల్లు చేస్తోంది కాబట్టి అలా వస్తుంది. రెండు ఫొటోల్లో పన్ను రెండు తీరుల్లో ఉందని ఒకదాన్ని నకిలీగా అనుమానించకూడదు.

అన్నింటికంటే ఎక్కువ డబ్బు చేజారిపోయేది ఒక్క మాట దగ్గర. “నాన్ రిఫండబుల్ టికెట్టండీ, ఏమీ రాలేదు” అంటారు ఉద్యోగి. అకౌంట్స్ వాళ్లు సరే అని పూర్తి మొత్తం ఇచ్చేస్తారు. డీజీసీఏ నిబంధన ప్రకారం చట్టబద్ధమైన పన్నులు, యూడీఎఫ్ లాంటి విమానాశ్రయ ఛార్జీలు తిరిగి ఇచ్చితీరాలి. బేస్ ఫేర్ తిరిగి ఇవ్వని ఆఫర్ టికెట్టుకు కూడా ఇది వర్తిస్తుంది, రద్దు చేయకుండా విమానం ఎక్కకపోయినా వర్తిస్తుంది. ఆ రిఫండ్ ప్రాసెస్ చేసినందుకు విమాన సంస్థ వేరే ఛార్జీ వేయకూడదు. మన టికెట్టులో యూడీఎఫ్, సెక్యూరిటీ ఫీజు కలిపి 686 రూపాయలు ఎటు చూసినా వెనక్కి రావాల్సినవే. విమానం ఎక్కలేని ప్రయాణికుడు యాప్‌లో రద్దు బటన్ కూడా నొక్కకుండా వదిలేస్తే ఆ డబ్బు అడిగేవాడు లేక అలాగే ఉండిపోతుంది. అందుకే ప్రయాణం జరగని ప్రతి టికెట్టుకు, ఏ రకం టికెట్టయినా, రిఫండ్ స్క్రీన్ ఫొటో అడగాలి. రిఫండ్ సున్నా అని చూపే స్క్రీన్ వస్తే, ఆ 686 కోసం విమాన సంస్థకు పీఎన్‌ఆర్‌తో ఉత్తరం రాయాలి.

రైలు టికెట్టులో ఇంత చిక్కు లేదు. బెంగళూరు నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ వైపు థర్డ్ ఏసీ టికెట్టు ఐఆర్‌సీటీసీలో తీసుకుంటే, ఆ స్లిప్పులో టికెట్ ఫేర్, కన్వీనియన్స్ ఫీజు, ప్రయాణ బీమా మూడు వరుసలుగా ఉంటాయి. టికెట్ ఫేర్ 1,050 అనుకుంటే అందులో జీఎస్టీ కలిసే ఉంది. కింద జీఎస్టీ వివరాల్లో పన్ను వేసిన విలువ 1,000, పన్ను 50 అని విడిగా దొరుకుతుంది. పన్ను ఏసీ తరగతులకు, ఫస్ట్ క్లాసుకు మాత్రమే. స్లీపర్ ఛార్జీ మీద జీఎస్టీ లేదు. కానీ స్లీపర్ టికెట్టుకైనా కన్వీనియన్స్ ఫీజు మీద 18 శాతం ఉంటుంది. యూపీఐతో కడితే ఏసీకి 20, స్లీపర్‌కు 10. కార్డు లాంటి ఇతర మార్గాల్లో 30, 15. పన్నుతో కలిపి 23.60, 11.80, 35.40, 17.70 అవుతాయి. ఇది టికెట్టుకు ఒక్కసారే, ప్రయాణికులు ఎంతమంది ఉన్నా. బీమా మాత్రం ఒక్కొక్కరికి 45 పైసలు. ఒకరికి యూపీఐతో తీసుకున్న టికెట్టు మొత్తం 1,074.05. కార్డుతో కట్టినప్పుడు బ్యాంకు తన ఛార్జీ వేరుగా వేస్తే స్లిప్పు మీది మొత్తం కంటే బ్యాంకు మెసేజ్‌లో ఎక్కువ కనిపిస్తుంది. అప్పుడు రెండు ఫొటోలూ కావాలి.

రద్దు చేస్తే ఫేర్ భాగం నుంచే కోత పడుతుంది. తగినంత ముందుగా రద్దు చేస్తే థర్డ్ ఏసీకి ఒక్కొక్కరికి 180, దాని మీద 5 శాతం జీఎస్టీ, గుండ్రం చేయడంతో కలిపి దాదాపు 190. ఆలస్యమైన కొద్దీ ఇది ఫేర్‌లో శాతంగా మారి పెరుగుతుంది. కన్వీనియన్స్ ఫీజు, బీమా తిరిగి రావు. కాబట్టి ముందే రద్దు చేసిన ఈ టికెట్టుకు 860 దాకా వెనక్కి వస్తుంది, నికర ఖర్చు 214 చుట్టూ ఉంటుంది. ఖాతాలో పడిన అంకెతో సరిపోల్చాల్సింది రద్దు స్లిప్పులోని రిఫండ్ వరుసనే. టికెట్టు మొత్తంతో పోల్చితే తేడా ఎందుకొచ్చిందో ఎప్పటికీ తేలదు.

ఫొటోలోని అంకెలను సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలుగా మార్చి వాడే ఆఫీసుల్లో తప్పులు దాదాపు ఒకే చోట్ల పుడతాయి. రూపాయి గుర్తును 7 గానో 2 గానో చదవడం మొదటిది. అప్పుడు 4,200 కాస్తా 74,200 అయి కూర్చుంటుంది, పెద్ద తేడా కాబట్టి వెంటనే పట్టుబడుతుంది. ప్రమాదమంతా చిన్న అంకెల్లో ఉంది. వాట్సాప్‌లో కుదించిన ఫొటోలో దశాంశ చుక్క చెరిగిపోతే 23.60 అన్నది 2360 అవుతుంది, అది ఏదో ఒక టికెట్టు ధరలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొట్టివేసిన పాత ధరను అసలు ధరగా తీసుకోవడం, ముగ్గురు ప్రయాణికుల మొత్తాన్ని ఒకరి బేస్ ఫేర్‌గా రాయడం కూడా ఇలాంటివే. వీటన్నిటికీ పైన చెప్పిన రెండు లెక్కలే వడపోత. వరుసలన్నీ కూడితే మొత్తం పైసలతో సహా రావాలి, పన్ను అంకె తన మూల విలువలో సరిగ్గా 5 శాతమో 18 శాతమో కావాలి. రైలు స్లిప్పు వరుసలు కూడితే 1,073.60 వచ్చిందంటే బీమా వరుసను సాఫ్ట్‌వేర్ వదిలేసినట్టే. మొత్తం చివర ఆ ఐదు పైసలు కనిపించకుండా 1,074 అని గుండ్రంగా వచ్చిందంటే, ఉద్యోగి కూడి రాసిచ్చిన కాగితాన్ని ఎవరైనా ఫొటో తీశారేమో చూడాలి.